కుర్తా ఒక సైజు పెద్దదని రివ్యూలో రాయాలంటే ఏ కొలతలు ఇవ్వాలి?

ప్రశ్న: నా ఛాతీ 36 అంగుళాలు. సైజు చార్టులో ఎం అంటే 36 అని ఉంటే ఎం తెప్పించుకున్నాను. స్ట్రెయిట్ కట్ కాటన్ కుర్తా, ముప్పావు చేతులు. వేసుకుంటే బాగా వదులుగా ఉంది. ఇంకా ఉతకలేదు. "ఒక సైజు పెద్దదిగా వస్తుంది" అని రివ్యూ రాద్దామనుకుంటున్నా. నా కొలతలూ కుర్తా కొలతలూ కూడా ఇస్తే ఎవరికైనా పనికొస్తుంది కదా. ఏవి కొలవాలి, ఎలా కొలవాలి?

సమాధానం:

ముందు "ఒక సైజు" అంటే ఎంతో తేల్చుకోండి. రెడీమేడ్ కుర్తాల్లో ఒక సైజుకూ పక్క సైజుకూ మధ్య తేడా మామూలుగా ఛాతీ చుట్టూ 2 అంగుళాలు. మీ చార్టులోనే ఎస్ 34, ఎం 36, ఎల్ 38 అని ఉంటే అదే లెక్క. కాబట్టి ఒక సైజు పెద్దది అనాలంటే, ఉండాల్సిన వదులు కంటే ఛాతీ దగ్గర ఇంకో 2 అంగుళాలు ఎక్కువ ఉండాలి. అర అంగుళమో ముప్పావు అంగుళమో ఎక్కువుంటే అది కుట్టులో వచ్చే మామూలు తేడా. ఒకే సైజు కుర్తాలు రెండు పక్కపక్కన పెట్టి కొలిచినా అంత తేడా కనబడొచ్చు.

ఇక "ఉండాల్సిన వదులు" ఎంత అన్నది అసలు ప్రశ్న. సాగని బట్టతో కుట్టిన కుర్తా ఒంటి కొలతకు సమానంగా ఉంటే ఊపిరి ఆడదు, చెయ్యెత్తితే చంకలో పట్టేస్తుంది. అందుకే ఒంటి కొలత మీద కొంత కలిపి కుడతారు. స్ట్రెయిట్ కట్ కాటన్ కుర్తాకి ఛాతీ దగ్గర 2 నుంచి 3 అంగుళాలు కలిపితే ఒంటికి తగ్గట్టు కూర్చుంటుంది. 4 దాటితే వదులు కళ్లకు తెలుస్తుంది. అదే కావాలని వదులుగా కుట్టే డబ్బా కట్ అయితే 6 అంగుళాలున్నా తప్పు లేదు, ఆ డిజైనే అంత. మీది స్ట్రెయిట్ కట్ కాబట్టి 2 నుంచి 3 అనే లెక్క పట్టుకోండి.

గొడవంతా వచ్చేది చార్టు దగ్గర. చార్టులో 36 అని ఉంటే అది మీ ఒంటి కొలతా, కుర్తా కొలతా? కొన్ని చార్టులు ఒంటి కొలత ఇస్తాయి, కొన్ని బట్ట కొలత ఇస్తాయి, చాలా చార్టుల్లో ఏదో రాయనే రాయరు. బట్ట కొలతను ఒంటి కొలత అనుకుని కొంటే బిగుతుగా వస్తుంది. ఒంటి కొలత అని రాసి, దాని మీద వదులు ఎక్కువ కలిపి కుడితే మీకొచ్చినట్టు పెద్దదిగా వస్తుంది. అందుకే రివ్యూలో రెండు కొలతలూ ఉండాలి. కుర్తా కొలత ఒక్కటే ఇస్తే, కొనేవాళ్లకు మీ ఒంటి మీద అది ఎలా కూర్చుందో తెలియదు. ఒంటి కొలత ఒక్కటే ఇస్తే, చార్టు తప్పో కుట్టు తప్పో తెలియదు.

ఒంటి కొలతలు

ఛాతీ, నడుము, హిప్, భుజం, ఎత్తు ఇస్తే చాలు. చేతులు లావుగా ఉన్నవాళ్లు పై చేతి చుట్టుకొలత కూడా ఇస్తే మంచిది. కుర్తా కింద ఏ లోదుస్తులు వేసుకుంటారో అవే వేసుకుని కొలవండి, చీర మీదో చుడీదార్ మీదో కొలవొద్దు. ఛాతీ కొలిచేటప్పుడు టేపు ముందు బాగా ఎత్తుగా ఉన్న చోట నుంచి వెళ్లి వీపు వెనక అదే మట్టంలో రావాలి. ఒక్కరే కొలుచుకుంటే వెనక టేపు కిందికి జారుతుంది, కొలత అర అంగుళం నుంచి అంగుళం దాకా ఎక్కువ చూపిస్తుంది. అద్దానికి పక్కగా నిలబడి చూస్తే జారిందో లేదో తెలుస్తుంది. మామూలుగా ఊపిరి వదిలి, టేపు ఒంటికి ఆనేలా మాత్రం పట్టుకోండి. వేలు దూర్చి కొలిచే అలవాటు చాలామందికి ఉంది. కుట్టించుకునేటప్పుడు అది వదులు కోసం పనికొస్తుంది గానీ ఇక్కడ వదులునే లెక్కకడుతున్నాం కాబట్టి వేలు దూరిస్తే లెక్క పాడవుతుంది.

హిప్ అంటే నడుము కాదు, పిరుదులు బాగా వెడల్పుగా ఉన్న చోట చుట్టూ కొలత. భుజం కొలత వెనక వైపు నుంచి, ఒక భుజం ఎముక చివర నుంచి మరో భుజం ఎముక చివరకు తీసుకోవాలి. ఇది ఒంటరిగా సరిగ్గా రాదు, ఎవరినైనా సాయం అడగండి.

టేపు పాతదైతే ఒకసారి గట్టి స్కేలు పక్కన పెట్టి చూడండి. బట్ట టేపులు వాడగా వాడగా సాగుతాయి. 12 అంగుళాల స్కేలు మీద పావు అంగుళం తేడా వస్తే, 36 అంగుళాల కొలతలో ముప్పావు అంగుళం తప్పు వస్తున్నట్టే.

కుర్తా కొలతలు

కొలిచేది మంచం మీద కాదు, నేల మీదో గట్టి బల్ల మీదో. పరుపు మీద బట్ట గుంటపడి కొలత తగ్గుతుంది. గుండీలన్నీ పెట్టేసి, ముడతలు చేత్తో సర్దండి, కానీ లాగొద్దు. చంక కింద, చేతి కుట్టూ సైడ్ కుట్టూ కలిసే చోటు నుంచి అవతలి వైపు అదే చోటికి అడ్డంగా కొలవండి. దాన్ని రెండింతలు చేస్తే ఛాతీ చుట్టుకొలత. రివ్యూలో "ఛాతీ 20.75" అని మాత్రం రాస్తే చదివేవాళ్లు తికమకపడతారు. "పరిచి కొలిస్తే 20.75, చుట్టూ 41.5" అని రెండూ రాయండి. ముందు భాగంలో టక్స్ ఉంటే కుర్తా పూర్తిగా చదునుగా పడదు. అప్పుడు ఆ ఉబ్బును నొక్కేయకుండా, వెనక భాగం పైకి వచ్చేలా తిప్పి కొలిస్తే కాస్త నిజమైన అంకె వస్తుంది.

భుజం కొలత కుర్తా వెనక వైపు, ఒక చేతి కుట్టు నుంచి మరో చేతి కుట్టు దాకా. పొడవు మెడా భుజం కుట్టూ కలిసే ఎత్తైన చోటు నుంచి కింది అంచు దాకా. మెడ మధ్య నుంచి కొలిస్తే మెడ లోతుని బట్టి అంకె మారిపోతుంది. చేతి పొడవు భుజం కుట్టు నుంచి. హిప్ కొలత సరిగ్గా సైడ్ కట్లు మొదలయ్యే చోట తీసుకోండి. ఆ కట్లు పై నుంచి ఎంత కింద మొదలవుతాయో కూడా రాయండి. దీన్ని ఎవరూ రాయరు. కానీ హిప్ ఎక్కువున్నవాళ్లకు కుర్తా పడుతుందా లేదా అన్నది తేల్చేది ఇదే.

మీ కుర్తాతో లెక్క చూద్దాం

మీరు ఛాతీ, సైజు మాత్రమే చెప్పారు కాబట్టి మిగతా అంకెలు ఉదాహరణకు వేసుకుంటున్నాను, మీ అంకెలు మీరు పెట్టుకోండి. ఒంటి కొలతలు: ఛాతీ 36, నడుము 31, హిప్ 39.5, భుజం 14.5, ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. ఉతకని ఎం సైజు కుర్తా: ఛాతీ పరిచి 20.75, చుట్టూ 41.5. కట్ల దగ్గర హిప్ చుట్టూ 45. భుజం 15.75. పొడవు 45.

ఛాతీ వదులు 41.5 లోంచి 36 తీసేస్తే 5.5 అంగుళాలు. 3 ఉండాల్సిన చోట 5.5. చూడగానే ఒక సైజు పెద్దదని రాసేయాలనిపిస్తుంది. కాటన్ కాబట్టి అక్కడే ఆగాలి. ముందే ముడుచుకునేలా చేయని కాటన్ మొదటి ఉతుకులో ముడుచుకుంటుంది. కుట్టేవాళ్లు అది తెలిసి కొంత ఎక్కువే కుడతారు. 3 శాతం ముడుచుకుంటుందని లెక్కేస్తే 41.5 కాస్తా 40.25 అవుతుంది, వదులు 4.25కి దిగుతుంది. అంటే ఉతికాక కూడా 3 కంటే అంగుళంపైనే ఎక్కువ, 2తో పోలిస్తే రెండంగుళాలపైన ఎక్కువ. ఎస్ సైజు 2 అంగుళాలు తక్కువుంటుంది కాబట్టి అది ఉతికాక దాదాపు 38.25 వస్తుంది, వదులు 2.25. ఉండాల్సిన పరిధిలో పడింది. ఇప్పుడు ధైర్యంగా ఒక సైజు పెద్దదని రాయొచ్చు.

ఇదే ఉతకని వదులు 4 అంగుళాలే ఉండి ఉంటే తీర్పు మారిపోయేది. ఉతికాక 2.75కి వచ్చి సరిగ్గా కూర్చునేది. అప్పుడు "ఒక సైజు పెద్దది, చిన్న సైజు తీసుకోండి" అని రాస్తే, దాన్ని నమ్మి ఎస్ కొన్నవాళ్లకు మొదటి ఉతుకు తర్వాత ముప్పావు అంగుళం వదులే మిగులుతుంది, చంకలో పట్టేస్తుంది. ఉతకకముందే రాసిన రివ్యూలు చేసే నష్టం ఇదే. పాలిస్టర్ జార్జెట్ అయితే ముడుచుకోవడం చాలా తక్కువ, మొదటి రోజు కొలతే నమ్మొచ్చు. రేయాన్ ముడుచుకుంటుంది, పైగా హ్యాంగర్‌కి వేలాడదీస్తే తన బరువుకే కిందికి సాగుతుంది. రేయాన్ కుర్తా పొడవు కొలిచేముందు పరిచి ఉంచడం మంచిది.

మీరింకా ఉతకలేదన్నారు. మార్చుకునే ఆలోచన ఉంటే ఉతక్కండి, ఉతికిన బట్ట సాధారణంగా వెనక్కి తీసుకోరు. ఇప్పటి కొలతలు రాసి పక్కన "ఉతకకముందు" అని స్పష్టంగా పెట్టండి. ఉంచుకుంటే మొదటి ఉతుకు తర్వాత, ఇస్త్రీ చేశాక మళ్లీ కొలిచి రివ్యూలో కలపండి. కాటన్ సాధారణంగా అడ్డం కంటే పొడవులో ఎక్కువ ముడుచుకుంటుంది, కాబట్టి ఛాతీ కంటే పొడవులో తేడా ఎక్కువ కనబడితే కంగారుపడొద్దు.

అది నిజంగా సైజు తప్పేనా?

ఛాతీ అంకె ఒక్కటి చూసి తీర్పు చెప్పకుండా భుజం కూడా చూడండి. కుర్తా వేసుకుని అద్దంలో చేతి కుట్టు ఎక్కడ పడుతోందో గమనించండి. కుట్టు భుజం ఎముక చివరనే ఉండి, ఛాతీ దగ్గర మాత్రం బట్ట ఎక్కువుంటే అది సైజు పెద్దది కావడం కాదు, కట్ వదులు. అలాంటప్పుడు చిన్న సైజు తీసుకుంటే భుజం దగ్గర పట్టేస్తుంది. కుట్టు ఎముక దాటి చేతి మీదికి జారి, ఛాతీ కూడా వదులైతే అన్నీ కలిసి పెరిగినట్టు. అదే నిజమైన సైజు తేడా.

మన ఉదాహరణలో భుజం 15.75, ఒంటి భుజం 14.5. ఉతికాక అదే 3 శాతం లెక్కన 15.25 వస్తుంది, ముప్పావు అంగుళం ఎక్కువ, అంటే ఒక్కో వైపు పావు అంగుళంపైన కిందికి జారుతుంది. చేతులు పొడవైపోయినట్టు అనిపించడానికి కూడా కారణం ఇదే కావచ్చు. చేతి పొడవు సరిగ్గానే ఉంటుంది, మొదలయ్యే చోటే కిందుంటుంది. భుజం ఒక సైజుకి దాదాపు అర అంగుళమే మారుతుంది కాబట్టి ఎస్‌లో ఒక్కో వైపు పావు అంగుళం కంటే తక్కువే మిగులుతుంది. అది కంటికి ఆనదు.

ఇక్కడే ఒక మినహాయింపు రివ్యూలో రాస్తే చాలామందికి మేలు. ఈ కుర్తా ఎంలో హిప్ 45, ఉతికాక దాదాపు 43.75. ఎస్ అయితే 41.75. ఛాతీ 36, హిప్ 39.5 ఉన్నవాళ్లకు ఎస్‌లో 2 అంగుళాలపైన వదులు మిగులుతుంది, ఇబ్బంది లేదు. అదే ఛాతీ 36 ఉండి హిప్ 42 ఉన్నవాళ్లు మీ మాట విని ఎస్ కొంటే హిప్ దగ్గర వదులే ఉండదు. కట్లు నడిచేటప్పుడే కాదు, నిలబడినప్పుడూ విచ్చుకుని ఉంటాయి. కట్లు హిప్ కంటే పైన మొదలైతే కొంత నయం, కిందనుంచి మొదలైతే కుర్తా అక్కడ ఇరుక్కుని పైకి ముడతలు పడుతుంది. అలాంటివాళ్లు ఎం తీసుకుని ఛాతీ దగ్గర సైడ్ కుట్లు లోపలికి వేయించుకోవడమే దారి. రెండు వైపులా అర అంగుళం చొప్పున లోపలికి కుడితే చుట్టూ 2 అంగుళాలు తగ్గుతుంది. ఒక్కో వైపు ముందు వెనక రెండు పొరలూ తగ్గుతాయి కదా. భుజం తగ్గించాలంటే మాత్రం చేతులు ఊడదీసి మళ్లీ కుట్టాలి. అంత పని పెట్టుకోవడం కంటే సైజు మార్చుకోవడమే మేలు.

ఒక చిన్న జాగ్రత్త. కుర్తా లోపల కుట్టిన లేబుల్ మీద సైజూ, బయట కవరు మీద సైజూ ఒకటేనా చూడండి. కవరు మీద ఎం ఉండి లోపల ఎల్ ఉంటే అది పొరపాటున వచ్చిన ముక్క. మార్చుకోండి, "ఈ కుర్తా పెద్దదిగా వస్తుంది" అని రాయొద్దు.

రివ్యూ ఇలా ఉండొచ్చు

> స్ట్రెయిట్ కట్, లేబుల్ మీద పూర్తి కాటన్ అని ఉంది. ఎం తీసుకున్నాను, ఒక సైజు పెద్దదిగా ఉంది. నా ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు, ఛాతీ 36, నడుము 31, హిప్ 39.5, భుజం 14.5. చార్టు ప్రకారం ఎం అంటే ఛాతీ 36.
>
> ఎం కుర్తా, ఉతకకముందు: ఛాతీ పరిచి కొలిస్తే 20.75, చుట్టూ 41.5. భుజం 15.75. కట్ల దగ్గర హిప్ చుట్టూ 45. పొడవు 45. కట్లు పై నుంచి 22 అంగుళాల దగ్గర మొదలవుతాయి.
>
> నా మీద ఛాతీ దగ్గర 5.5 అంగుళాల వదులు. ఉతికాక ముడుచుకున్నా 4 పైనే ఉంటుందనుకుంటున్నా. చేతి కుట్టు భుజం దాటి అర అంగుళంపైన కిందికి జారింది. చార్టులో మీ అంకె కంటే ఒక సైజు తక్కువ తీసుకోండి. హిప్ 41 దాటితే మాత్రం చార్టు ప్రకారమే తీసుకుని ఛాతీ దగ్గర కుట్టు వేయించుకోండి. ఎస్ సైజును నేను కొలవలేదు, సైజుకి 2 అంగుళాల తేడా అనుకుని చెబుతున్నా.

చివరి వాక్యం తీసేయకండి. మీరు కొలిచింది ఎం ఒక్కటే. ఎస్ గురించి చెప్పేది లెక్క మాత్రమే, కొన్ని బట్టల్లో సైజుల మధ్య తేడా 2 అంగుళాలు ఉండకపోవచ్చు. ఎస్‌తో మార్చుకుంటే, అది రాగానే అదే పద్ధతిలో కొలిచి అంకెలు కలపండి. పక్కపక్క సైజులు రెండూ కొలిచిన రివ్యూ ఉంటే, ఆ కుర్తా కొనేవాళ్లకు చార్టు చూడాల్సిన పనే ఉండదు.

ఫొటో పెట్టాలనుకుంటే వేసుకున్న ఫొటో కంటే, నేల మీద పరిచి ఛాతీకి అడ్డంగా టేపు పెట్టి తీసింది ఎక్కువ ఉపయోగం. కెమెరా సరిగ్గా పైనుంచి ఉండాలి. ఏటవాలుగా తీస్తే టేపు మీద అంకె అసలు చోట కాకుండా పక్కన పడినట్టు కనబడుతుంది. టేపు సున్నా ఉన్న కొస కూడా ఫొటోలో పడేలా చూడండి. అది లేకపోతే ఎక్కడ నుంచి కొలిచారో చదివేవాళ్లకు తెలియదు.

ఇక నక్షత్రాల సంగతి. బట్ట, కుట్టు, రంగు బాగుంటే సైజు ఒక్కదానికోసం ఒక్క నక్షత్రానికి దించేయకండి. కుట్టు ఊడిపోయిందని ఒక్క నక్షత్రం ఇచ్చిన రివ్యూల్లో మీదీ కలిసిపోతుంది. సైజు గురించి విడిగా "చిన్నది, సరిపోయింది, పెద్దది" అని అడిగే చోటుంటే అక్కడ "పెద్దది" ఎంచుకోండి. చాలామంది అదే ముందు చూస్తారు. అంకెలు కింద రాసిన దాంట్లో ఉంటే చాలు.